వడ్డీ అసలులో కలిసే రోజు

"చదువయ్యేదాకా మీరు పైసా కట్టక్కర్లేదండీ." విద్యారుణం కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటూ బ్యాంకు ఆఫీసరు చెప్పే మాట ఇది. ఇందులో అబద్ధం లేదు. కాకపోతే బల్లకు ఇవతల కూర్చున్న తండ్రి చెవికి అది ఇంకోలా వినబడుతుంది. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి నోటు రాసిచ్చినప్పుడు ప్రతి నెలా వేళ్ల మీద లెక్క వేసుకునే మనిషే, బ్యాంకు దగ్గర తెచ్చిన అప్పుకు మాత్రం ఐదేళ్లపాటు వడ్డీ సంగతి మరిచిపోతాడు. కొడుకు ఉద్యోగంలో చేరాక ఒకరోజు బ్యాంకు నుంచి కాగితం వస్తుంది. తెచ్చింది ఆరు లక్షలైతే అందులో ఎనిమిది లక్షల పైచిలుకు కనిపిస్తుంది. "మోసం చేశారు" అని అతను బ్యాంకుకు పరిగెత్తుతాడు. సాధారణంగా అక్కడ మోసమేమీ ఉండదు. కిస్తీకి సెలవు ఇచ్చారు, వడ్డీకి ఇవ్వలేదు.

మారటోరియం అన్న మాట మన ఇళ్లలోకి బాగా వచ్చింది 2020లో. కరోనా కాలంలో రిజర్వు బ్యాంకు మార్చి నుంచి ఆగస్టు దాకా అన్ని రకాల అప్పుల కిస్తీలను వాయిదా వేసుకోనిచ్చింది. ఆ ఆరు నెలల వడ్డీ మాఫీ చేయాలని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2021 మార్చిలో కోర్టు ఇచ్చిన తీర్పు ఇప్పటికీ గుర్తుపెట్టుకోదగింది. వడ్డీ మొత్తాన్ని మాఫీ చేయమనడం కుదరదంది. ఆ కాలానికి వడ్డీ మీద వడ్డీ మాత్రం వేయకూడదంది. విద్యారుణం మారటోరియంలోనూ అసలు ప్రశ్న ఈ రెండో ముక్కలోనే ఉంది. వడ్డీ పడుతుందా అని అడగక్కర్లేదు, పడుతుంది. ఆ వడ్డీకి మళ్లీ వడ్డీ ఏ రోజు నుంచి పడుతుందో తెలుసుకోవాలి.

మన దేశంలో ప్రభుత్వ బ్యాంకుల విద్యారుణాలకు మూలం ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ 2001లో తయారుచేసిన నమూనా పథకం. దాన్ని తర్వాత చాలాసార్లు సవరించారు. ఇప్పటి రూపంలో మనకు పనికొచ్చే నియమాలు ఇవి. చదువు కాలం, దాని మీద ఇంకో ఏడాది మారటోరియం. ఆ కాలమంతా బారువడ్డీ. మారటోరియం ముగిశాక, పోగైన వడ్డీని అసలుకు కలిపి ఆ మొత్తం మీద ఈఎంఐ కడతారు. తీర్చే గడువు గరిష్ఠంగా 15 ఏళ్లు. పాత నియమంలో "చదువు తర్వాత ఏడాది, లేదా ఉద్యోగం వచ్చిన ఆరు నెలలు, ఏది ముందైతే అది" అని ఉండేది. 2015 సవరణలో అందరికీ ఏడాది అన్నారు. అయినా కొన్ని సంస్థల కాగితాల్లో ఆ పాత వాక్యం ఇంకా కనిపిస్తుంది. నమూనా పథకం సలహా మాత్రమే, చట్టం కాదు. మిమ్మల్ని కట్టిపడేసేది మీ శాంక్షన్ లెటర్లో ఉన్న వాక్యమే.

ఒక లెక్క పూర్తిగా వేసి చూద్దాం. 2025 ఆగస్టులో ఒక కుర్రాడు ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో బీటెక్‌లో చేరాడనుకోండి. అప్పు 6 లక్షలు, వడ్డీ ఏడాదికి 10 శాతం. మన ఊరి భాషలో చెప్పాలంటే ఎనభై మూడు పైసల వడ్డీ. బ్యాంకు ఈ 6 లక్షలూ ఒకేసారి ఇవ్వదు. ఏటా ఆగస్టు 1న లక్షన్నర చొప్పున నేరుగా కాలేజీకి పంపుతుంది. నాలుగేళ్ల చదువు 2029 జులైతో అయిపోతుంది. మరో ఏడాది సెలవు. అంటే 2030 జులై 31 దాకా కట్టాల్సిందేమీ లేదు.

మొదటి లక్షన్నర ఈ లోపల ఐదేళ్లు మోస్తుంది, దాని వడ్డీ 75,000. రెండో లక్షన్నర నాలుగేళ్లు మోసి 60,000 తెస్తుంది. మూడోది 45,000. చివరి ఏడాది తీసుకున్న లక్షన్నర రెండేళ్లే ఉంటుంది కాబట్టి దానికి 30,000. అన్నీ కలిపితే 2,10,000. అంటే 2030 జులై 31 రాత్రి ఆ ఖాతాలో 6 లక్షల అసలు, పక్కన 2.10 లక్షల వడ్డీ వేరువేరుగా ఉంటాయి. తెల్లారేసరికి ఆ రెండూ కలిసి 8,10,000 అసలు అవుతుంది. అప్పటిదాకా పిల్లలు పెట్టని వడ్డీ ఆ రోజు నుంచి పిల్లలు పెట్టడం మొదలుపెడుతుంది. ఈ వ్యాసం మొత్తం ఆ ఒక్క రాత్రి గురించే అనుకోవచ్చు.

ఈ లెక్కలోనే చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. మొదటి ఏడాది తీసుకున్న రూపాయి యాభై పైసల వడ్డీ మోస్తే, చివరి ఏడాది తీసుకున్న రూపాయి ఇరవై పైసలే మోస్తుంది. ఇంట్లో చేతిలో లక్షన్నర ఉన్న తండ్రి సాధారణంగా ఏం చేస్తాడు? మొదట బ్యాంకు డబ్బు వాడి, తన డబ్బు చివరికి అట్టిపెట్టుకుంటాడు. అప్పు శాంక్షన్ మొదటే చేయించుకుని, మొదటి ఏడాది ఫీజు మాత్రం తానే కట్టి, బ్యాంకు డబ్బు రెండో ఏడాది నుంచి తీసుకుంటే వడ్డీలో 45,000 తగ్గుతుంది. ఆ లక్షన్నర ఎఫ్‌డీలో ఉంటే వచ్చేది తీసేసినా కొంత మిగులుతుంది. మన రెండు రాష్ట్రాల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది. ప్రభుత్వం ఇచ్చేది పోను మిగిలిన ఫీజుకే డబ్బు విడుదల చేయించుకోవాలి. మొత్తం శాంక్షన్ అయింది కదా అని మొత్తం తీసుకోవాలన్న రూలేమీ లేదు. విడుదల కాని డబ్బుకు వడ్డీ లేదు.

ఇక బారువడ్డీ, చక్రవడ్డీ. బడిలో ఏడో తరగతి, ఎనిమిదో తరగతి లెక్కల్లో చదువుకున్నవే. నమూనా పథకం బారువడ్డీ అంటుంది. కాని అన్ని సంస్థలూ ఆ పథకం ప్రకారం నడవవు. ముఖ్యంగా విదేశీ చదువులకు పెద్ద అప్పులిచ్చే బ్యాంకేతర ఆర్థిక సంస్థల్లో కట్టని వడ్డీని నెలనెలా అసలులో కలిపేసే పద్ధతి ఉంటుంది. మన కుర్రాడి అప్పుకే నెలవారీ చక్రవడ్డీ వేస్తే ఐదేళ్లకు వడ్డీ 2,10,000 బదులు దాదాపు 2,55,500 అవుతుంది. తేడా 45 వేల పైన. ఈఎంఐలో నెలకు 600 తేడా. ప్రాణం పోయే మొత్తం కాదు కాని, అడగకుండా పోవాల్సిన మొత్తమూ కాదు.

మీది ఏ రకమో తెలుసుకోవడానికి ఎవర్నీ బతిమాలక్కర్లేదు. ఖాతా స్టేట్‌మెంటు చాలు. మొదటి ఏడాదిలో, రెండో విడత డబ్బు విడుదల కాకముందు, 31 రోజులున్న రెండు నెలలు పక్కపక్కన పెట్టుకోండి. మన ఉదాహరణలో 2025 ఆగస్టు నెల వడ్డీ లక్షన్నర మీద 31 రోజులకు 1,274 రూపాయలు. 2026 జులైలోనూ అదే 1,274 ఉంటే బారువడ్డీ. అది 1,396 దాకా పెరిగిందంటే, మధ్యలో పదకొండు నెలల వడ్డీ అసలులో కలిసిపోయిందన్నమాట. శాంక్షన్ లెటర్లో బారువడ్డీ అని రాసి స్టేట్‌మెంటులో చక్రవడ్డీ కనిపిస్తే అది పొరపాటు. రాతపూర్వకంగా అడిగి సరిచేయించుకోవచ్చు. ఈ పొరపాటు ఐదేళ్ల తర్వాత బయటపడితే వెనక్కి వెళ్లి లెక్క తిప్పడం బ్యాంకుకీ కష్టం, మనకీ కష్టం. ఏడాదికొకసారి స్టేట్‌మెంటు తీసుకోమనేది అందుకే. ఆన్‌లైన్లో రెండు నిమిషాల పని.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. చదువుతుండగానే వడ్డీ కట్టుకుంటూ పోవడం మంచిదా? పత్రికల్లో వచ్చే సలహాలన్నీ "కట్టేయండి" అనే చెబుతాయి. నా అభిప్రాయం కొంచెం వేరు. మన లెక్కలో ఆ వడ్డీ మొదటి ఏడాది నెలకు 1,250, రెండో ఏడాది 2,500, మూడో ఏడాది 3,750, ఆ తర్వాత రెండేళ్లూ 5,000. ఇలా కట్టుకుంటూ పోతే చివరికి 6 లక్షల అసలు మాత్రమే మిగులుతుంది. పదేళ్ల ఈఎంఐ 10,704 కావాల్సింది 7,929కి దిగుతుంది. నెలకు 2,775 తేడా, పదేళ్లకు 3,33,000. అంటే 2.10 లక్షలు ముందు కడితే తర్వాత 3.33 లక్షలు తప్పుతాయి. ఇంతవరకు అందరూ చెప్పేదే.

కాని ఇక్కడొక మెలిక ఉంది. బారువడ్డీ అంటేనే కట్టని వడ్డీ మీద వడ్డీ పడదని కదా అర్థం. మొదటి ఏడాది కట్టాల్సిన 15,000 ఆ ఏడాదే కట్టినా, 2030 జులైలో కట్టినా బ్యాంకు తీసుకునేది అదే 15,000. కాబట్టి బారువడ్డీ అప్పుకు నెలనెలా కట్టడంలో ప్రత్యేక లాభమేమీ లేదు. కలవాల్సిన రోజుకు ముందు ఆ 2.10 లక్షలు కట్టేస్తే ఫలితం అంతే వస్తుంది. ఈ లోపల అదే డబ్బు ఆర్డీలో వేసుకుంటే, ఆరున్నర శాతం లెక్కన మొత్తం మీద ఓ 28 వేలు అదనంగా చేతికొస్తాయి. చక్రవడ్డీ అప్పుకు మాత్రం ఈ ఉపాయం చెల్లదు. అక్కడ ఏ నెలకు ఆ నెల కట్టడమే మేలు. ఈ ఒక్క తేడాను చెప్పకుండా అందరికీ ఒకే మందు రాసే సలహాలు నాకు నచ్చవు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. చదువు కాలంలో, ఆ తర్వాతి ఏడాదిలో వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేవారికి ఒక శాతం రాయితీ ఇవ్వొచ్చని నమూనా పథకం చెబుతుంది. చాలా బ్యాంకులు ఇస్తాయి. మన లెక్కలో అది 21,000. ఆర్డీలో వచ్చే 28 వేలకూ దీనికీ పెద్ద దూరం లేదు. పైగా ఐదేళ్లు ఆర్డీ కడుతూ మధ్యలో చెల్లి పెళ్లికో, బోరు వేయించడానికో తీయకుండా ఉండగలిగే ఇళ్లు ఎన్నున్నాయో మీకూ తెలుసు. మీ ఇంటి సంగతి మీరే చూసుకుని ఎంచుకోండి. బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చి బ్యాంకు ఎనభై మూడు పైసల వడ్డీ కట్టడం మాత్రం ఏ లెక్కలోనూ నిలవదు. అలా చేసినవాళ్లను చూశాను కాబట్టి రాస్తున్నాను.

మొత్తం 2.10 లక్షలు కట్టలేకపోయినా, ఆ రోజుకు ముందు ఎంత కట్టగలిగితే అంత కట్టడం మంచిదే. లక్ష కడితే ఈఎంఐ నెలకు 1,321 తగ్గుతుంది. ఉద్యోగం వచ్చిన పిల్లలకు ఇది మంచి అవకాశం. క్యాంపస్ సెలక్షన్లో వచ్చిన కుర్రాడు 2029 ఆగస్టులో చేరితే కిస్తీ మొదలవడానికి ఇంకా ఏడాది ఉంది, జీతం మాత్రం వస్తోంది. ఆ పన్నెండు నెలల్లో చాలామంది బండి కొంటారు. ఆ బండికి ఇంకో ఈఎంఐ ఉంటుంది.

ఆదాయపు పన్ను విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 80ఈ పేరుతో అందరికీ తెలిసిన మినహాయింపు కట్టిన వడ్డీకి మాత్రమే వర్తిస్తుంది, అసలుకు కాదు. పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే అది దొరుకుతుంది. వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాది నుంచి లెక్కేసి ఎనిమిదేళ్లే ఉంటుంది. తండ్రి మొదటి ఏడాది నెలకు 1,250 చొప్పున కట్టడం మొదలుపెట్టి దాన్ని పన్నులో చూపిస్తే, ఆయన ఎనిమిదేళ్ల గడియారం అప్పుడే తిరగడం మొదలవుతుంది. పెద్ద వడ్డీలు పడే రోజులు వచ్చేసరికి సగానికి పైగా అయిపోతుంది. వడ్డీ వాస్తవంగా చెల్లించాలి, అసలులో కలిపినంత మాత్రాన చెల్లించినట్లు కాదు అన్న సంగతీ గుర్తుండాలి.

ఇక అసలు వడ్డీయే తగ్గించే పథకాలు. కేంద్రం 2009 నుంచి నడుపుతున్న వడ్డీ రాయితీ పథకం ఏడాదికి 4.5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు. దేశంలో సాంకేతిక, వృత్తి విద్యా కోర్సులు చదివేవారికి మారటోరియం కాలపు వడ్డీ మొత్తం ప్రభుత్వమే భరిస్తుంది. మన ఉదాహరణలాంటి కుటుంబం ఇందులోకి వస్తే 2030 జులై 31న ఖాతాలో ఉండేది 6 లక్షలే. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం దీనికి తోడు. 8 లక్షల లోపు ఆదాయం ఉండి, ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు, వడ్డీ రాయితీలు పొందనివారికి, 10 లక్షల దాకా ఉన్న అప్పు మీద మారటోరియం కాలంలో 3 శాతం రాయితీ. కాకపోతే అది ఎంపిక చేసిన మంచి ర్యాంకుల విద్యాసంస్థలకే, మొదట 860 సంస్థలకు. ఏటా లక్షమంది విద్యార్థులకే. మన లెక్కలో 3 శాతం అంటే 63,000.

ఈ రాయితీల దగ్గర జరిగే పొరపాట్లు రెండు. మొదటిది ఆదాయ ధ్రువీకరణ పత్రం. మీసేవలో తీసుకున్న పత్రం బ్యాంకుకు సమయానికి చేరకపోయినా, బ్యాంకు శాఖ తన వంతు క్లెయిము గడువులో పెట్టకపోయినా ఆ ఏడాది రాయితీ ఆగిపోతుంది. రాయితీ నేరుగా విద్యార్థి చేతికి రాదు, ఖాతాలో జమ కావాలి. జమ కాలేదంటే స్టేట్‌మెంటులోనే కనిపిస్తుంది. రెండోది మరింత బాధాకరం. మధ్యలో చదువు మానేసినవారికి ఆరోగ్య కారణాలు తప్ప ఈ రాయితీ లేదు. మూడో ఏడాది కాలేజీ వదిలేసిన అబ్బాయికి డిగ్రీ ఉండదు, మారటోరియం కూడా ముగిసిపోతుంది, పోగైన వడ్డీ అతని నెత్తినే పడుతుంది. విద్యారుణాల్లో నిజంగా కుటుంబాలు కూలేది ఇక్కడే అని నాకనిపిస్తుంది. అయినా ఈ పరిస్థితికి తగిన నియమం ఏ పథకంలోనూ సరిగా లేదు.

మారటోరియంలో మన కంటికి కనిపించకుండా జరిగేది ఇంకొకటి. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త విద్యారుణాలు, వడ్డీ మారే రకానివైతే, రెపో రేటులాంటి బయటి కొలమానానికి ముడిపడి ఉండాలి. 2022 మే మొదటి వారందాకా 4 శాతం ఉన్న రెపో 2023 ఫిబ్రవరి నాటికి 6.5కి వెళ్లింది. ఇంటి అప్పు ఉన్నవాళ్లకు కిస్తీ గడువు పెరిగింది కాబట్టి వెంటనే తెలిసింది. 2020, 2021లలో కాలేజీలో చేరిన పిల్లలకు మాత్రం కిస్తీయే లేదు కాబట్టి ఎవరూ గమనించలేదు. వాళ్ల అప్పు మాత్రం అప్పుడే రెండున్నర శాతం ఎక్కువ వేగంతో పెరగడం మొదలుపెట్టింది. రెపో తగ్గినప్పుడు అదే వేగం తగ్గుతుంది. ఆ తగ్గింపు మీ ఖాతాలో పడిందో లేదో చూసుకోవడం మీ పని.

విదేశీ చదువుల సంగతి వేరే వ్యాసానికి సరిపడేంత ఉంది. ఒక్క పోలిక చెప్పి వదిలేస్తాను. అమెరికాలో ఎంఎస్‌కు 40 లక్షలు 11.5 శాతానికి తీసుకున్నవారికి పూర్తి డబ్బు విడుదలయ్యాక వడ్డీ ఒక్కటే నెలకు 38,333. "చదువుకునేటప్పుడు నెలకు పది వేలు కడితే చాలు" అని సంస్థ చెబితే, మిగిలిన 28 వేలు ఎక్కడికీ పోవు, అసలు దగ్గర చేరి కూర్చుంటాయి. అక్కడి మారటోరియం తరచుగా చదువు తర్వాత ఆరు నెలలే. చదువయ్యాక వచ్చే ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు మించి ఉండకూడదన్న నియమం ఒకవైపు, మొదటి ఈఎంఐ తేదీ ఇంకోవైపు. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన రాసుకోకుండా విమానం ఎక్కకూడదు.

మళ్లీ మన కుర్రాడి దగ్గరికొద్దాం. మారటోరియం ముగిసే తేదీ ఎవరు నిర్ణయిస్తారు? డిగ్రీ పట్టా తేదీ కాదు, ఉద్యోగ నియామక పత్రం కాదు. అప్పు ఇచ్చిన రోజే కోర్సు కాలం చూసి కంప్యూటర్లో వేసిన తేదీ. బ్యాక్‌లాగులు ఉండి చదువు ఆరు నెలలు ఆలస్యమైతే ఆ సంగతి కంప్యూటరుకు తెలియదు. నమూనా పథకంలో చదువు పూర్తి చేయలేకపోయినవారికి గడువు పొడిగించే వీలుంది, కాని కాలేజీ నుంచి లేఖ తెచ్చి శాఖలో ఇచ్చి పొడిగింపు రాతపూర్వకంగా తీసుకోవాలి. తేదీ దాటాక అడిగితే అప్పటికే ఒకటి రెండు ఈఎంఐలు బకాయి పడి ఉంటాయి.

కిస్తీ మొదలయ్యే ఆ నెల నేను చూసినంతలో ఇలా గడుస్తుంది. బ్యాంకులో ఉన్న చిరునామా సొంతూరిది. ఫోను నంబరు ఇంటర్‌లో ఉన్నప్పటిది. కుర్రాడు బెంగళూరులోనో గచ్చిబౌలిలోనో ఉంటాడు. జీతం పడే ఖాతా వేరు బ్యాంకులో ఉంటుంది. అప్పు ఉన్న శాఖలోని పొదుపు ఖాతాలో మూడువందలు ఉంటాయి. మొదటి ఈఎంఐ డబ్బు లేక తిరిగొస్తుంది. రెండు, మూడు తిరిగొస్తాయి. 90 రోజులు దాటిన బకాయి ఖాతాను మొండి బాకీ చేస్తుంది. ఆ మచ్చ సిబిల్‌లో కుర్రాడికే కాదు, పక్కన సంతకం పెట్టిన తండ్రికీ పడుతుంది. ఆయన ట్రాక్టరు అప్పుకు వెళ్లినప్పుడు అది బయటపడుతుంది. జీతం ఖాతా నుంచి నేరుగా ఈఎంఐ పోయేలా ఆటోమేటిక్ చెల్లింపు పెట్టుకోవడం, కొత్త నంబరు ఇవ్వడం, ఈ రెండూ మారటోరియం ముగియడానికి రెండు నెలల ముందు చేయాల్సిన పనులు. ఒక మాట మాత్రం అప్పు తీసుకున్నవారి వైపు ఉంది. రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం కిస్తీ తప్పినందుకు వేసే జరిమానాను వడ్డీ రేటు మీద కలపకూడదు, విడిగా ఛార్జీగానే వేయాలి. ఆ ఛార్జీని అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు.

ఉద్యోగం రానివాళ్ల సంగతి? 2015 సవరణలో నిరుద్యోగం, చాలీచాలని జీతం ఉన్న కాలాలకు అప్పు జీవితకాలంలో రెండు మూడుసార్లు మళ్లీ మారటోరియం ఇవ్వొచ్చని ఉంది. మొదట చిన్న ఈఎంఐ, జీతంతో పాటు పెరిగే ఈఎంఐ పెట్టుకునే వీలు కూడా ఉంది. ఈ వెసులుబాట్లు ఉన్నాయని చాలామందికి తెలియదు, బ్యాంకు తనంతట తాను చెప్పదు. ఖాతా మొండి బాకీ కాకముందు వెళ్లి అడిగినవారికే ఇవి దొరుకుతాయి. అప్పటికీ ఇది సెలవే. ఆ నెలల వడ్డీ మళ్లీ పోగవుతూనే ఉంటుంది.

చివరిగా గడువు. 8,10,000కు పదేళ్లయితే ఈఎంఐ 10,704, పదిహేనేళ్లయితే 8,704. నెలకు రెండువేలు తేడా కదా అని కొత్త ఉద్యోగి పదిహేనేళ్లనే ఎంచుకుంటాడు. పదేళ్లలో కట్టేది మొత్తం 12.85 లక్షలు, పదిహేనేళ్లలో 15.67 లక్షలు. వడ్డీ మారే రకం అప్పుకు ముందుగా కట్టేస్తే జరిమానా లేదు కాబట్టి, పదిహేనేళ్లు పెట్టుకుని బోనసులు వచ్చినప్పుడు అసలుకు కొట్టుకోవడం తెలివైన పనే, నిజంగా కొడితే.

పదేళ్ల ఈఎంఐనే చూద్దాం. 2030 ఆగస్టు 31న మొదటిసారి పోయే 10,704లో 6,750 వడ్డీకే పోతుంది, 3,954 అసలుకు. రెండో నెల అసలుకు ఇంకో ముప్ఫైమూడు రూపాయలు ఎక్కువ పోతుంది. ఇలా మెల్లగా తరుగుతూ, 2034 ఏప్రిల్‌లో నలభై ఐదో కిస్తీ కట్టిన రోజున ఖాతాలో నిల్వ మొదటిసారి ఆరు లక్షల కిందికి దిగుతుంది. అప్పటికి అతను కట్టింది 4.82 లక్షలు. పదిహేనేళ్లు ఎంచుకుని ఉంటే ఆ రోజు 2037 జనవరిలో వస్తుంది, అప్పటికి కట్టింది 6.79 లక్షలు. కాలేజీ ఫీజు కోసం ఎప్పుడో తీసుకున్న ఆ ఆరు లక్షలకు ఆ రోజు అతను మళ్లీ చేరుకుంటాడు.